పుస్తకం హక్కులు రాసిచ్చే ముందు: రాయల్టీ, పరిధి, హక్కుల వాపసు

ప్రశ్న: నా మొదటి నవల హక్కులు కొంటామని ఒక ప్రచురణ సంస్థ ‘కాపీరైట్ అసైన్‌మెంట్ అగ్రిమెంట్’ పంపింది. సర్వహక్కులూ, అన్ని మాధ్యమాల్లో, ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నన్నాళ్లూ వాళ్లవే అని ఉంది. అడ్వాన్సు 40,000 రూపాయలు, ‘నికర రాబడి’పై 10 శాతం రాయల్టీ. పుస్తకం వెల 300 పెడతామన్నారు. అవుట్ ఆఫ్ ప్రింట్ అయితే హక్కులు నాకు తిరిగొస్తాయట. చట్టం ఎలాగూ రచయిత పక్షాన ఉంటుంది, భయపడకు అంటున్నారు మిత్రులు. సంతకం పెట్టొచ్చా?

జవాబు:

ఇప్పుడున్న రూపంలో పెట్టకండి. అలాగని వదులుకోవాల్సిన ఒప్పందమూ కాదు. నాలుగైదు చోట్ల మారిస్తే మీకూ వాళ్లకూ పనికొస్తుంది. నేను రచయితల తరఫున ఇలాంటి కాగితాలు చదువుతుంటాను కాబట్టి ఎక్కడ మార్చాలో, ఎందుకు మార్చాలో చెబుతాను.

ముందు మీ మిత్రుల మాట సంగతి. అందులో సగం నిజం ఉంది. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 19 రచయితను బాగానే కాపాడుతుంది. హక్కుల బదిలీ రాతలో ఉండాలి, దాని మీద మీ సంతకం ఉండాలి. ఏ రచన, ఏయే హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి అన్నది అందులో చెప్పాలి. రాయల్టీ ఎంతో కూడా రాయాలి. కాలం రాయకపోతే ఐదేళ్లే అనుకోవాలని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకోవాలని అదే సెక్షన్ చెబుతుంది. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే ఆ హక్కు వరకు బదిలీ రద్దయినట్టే.

ఇంత బాగుంటే ఇబ్బంది ఏమిటంటే, ఈ రక్షణల్లో ముఖ్యమైన మూడూ ఒప్పందం మౌనంగా ఉన్నప్పుడే పనిచేస్తాయి. మీ ఒప్పందం మౌనంగా లేదు. ‘కాపీరైట్ ఉన్నన్నాళ్లూ’ అని రాసింది కాబట్టి ఐదేళ్ల నియమం మీకు వర్తించదు. ‘ప్రపంచమంతటా’ అంది కాబట్టి భారతదేశం వరకే అన్న నియమమూ పోయింది. ఏడాది నియమాన్ని కూడా ‘ఒప్పందంలో మరోలా రాసుకుంటే తప్ప’ అన్న మినహాయింపుతోనే పెట్టారు. మీ కాగితంలో వెనక ఎక్కడో, ‘ఇతర నిబంధనలు’ అనే శీర్షిక కింద, ‘ప్రచురణకర్త హక్కులను వినియోగించకపోయినా ఈ బదిలీ చెల్లుబాటులో ఉంటుంది’ అన్న తరహా వాక్యం ఉందేమో వెతకండి. ఇలాంటి ఒప్పందాల్లో అది తరచూ కనిపిస్తుంది. ఉంటే, మీ నవలను వాళ్లు అచ్చేయకుండా బీరువాలో పెట్టినా మీరు చట్టం పేరు చెప్పి వెనక్కి తెచ్చుకోలేరు. ఆ ఒక్క వాక్యాన్ని కొట్టేయించడం మీ మొదటి పని.

కాపీరైట్ ఉన్నన్నాళ్లూ అంటే ఎంతకాలమో కూడా ఒకసారి లెక్కేసుకోండి. రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. మీరు ఇంకో 40 ఏళ్లు ఉంటారనుకుంటే, ఈ సంతకం వందేళ్ల పాటు నడుస్తుంది. మీ పిల్లలూ వాళ్ల పిల్లలూ ఈ కాగితం కిందే ఉంటారు. దానికి బదులు ఏడేళ్లు అడగండి. పదేళ్లకు ఒప్పుకున్నా ఫర్వాలేదు. గడువు తీరాక ఇద్దరికీ ఇష్టమైతే పొడిగించుకుంటామని రాసుకోవచ్చు. పుస్తకం ఆడుతుంటే అప్పుడు మీరే మళ్లీ ఇస్తారు, అదీ మెరుగైన షరతులతో.

ఇక బదిలీకీ లైసెన్సుకూ తేడా. బదిలీ చేస్తే ఆ హక్కుకు యజమాని ప్రచురణకర్త అవుతాడు. లైసెన్సు ఇస్తే యజమాని మీరే, వాడుకునే అనుమతి మాత్రం అతనిది. పుస్తకం బాగా నడుస్తున్నంత కాలం ఈ తేడా కనిపించదు. రాయల్టీ ఆగినప్పుడు కనిపిస్తుంది. బదిలీ జరిగాక డబ్బు ఇవ్వకపోతే మీకు సహజంగా మిగిలేది బాకీ వసూలు చేసుకునే హక్కు. హక్కులు వాటంతటవే మీకు తిరిగి రావు, అలా వస్తాయని ఒప్పందంలో రాసుకుంటే తప్ప. అదే ప్రచురణకర్త రేపు తన జాబితా మొత్తాన్ని మరో సంస్థకు అమ్మేస్తే, మీకు రాయల్టీ ఇస్తానన్న మాట కొత్తవాళ్లది కాదు. ఆ ఒప్పందంలో వాళ్లు పక్షం కారు కదా. పుస్తకం వాళ్ల చేతిలో, బాకీ పాతవాళ్ల నెత్తిన, మీరు మధ్యలో.

అందుకే ముందు ప్రత్యేక లైసెన్సు అడగండి. అంటే ఆ కాలంలో మరెవరికీ ఇవ్వనని మీరు మాటివ్వడం. ప్రచురణకర్త వ్యాపారానికి అది సరిపోతుంది. బదిలీయే కావాలని పట్టుబడితే రెండు వాక్యాలు చేర్పించండి. మీ రాతపూర్వక అనుమతి లేకుండా హక్కులు ఇంకొకరికి ఇవ్వకూడదు, ఇస్తే తీసుకున్నవాళ్లు మీకు రాయల్టీ చెల్లిస్తామని విడిగా సంతకం చేసి ఇవ్వాలి. రాయల్టీ గడువు దాటి 60 రోజులైనా రాకపోతే, మీరు నోటీసు ఇచ్చిన 30 రోజుల్లోగానూ చెల్లించకపోతే, హక్కులు వెనక్కి వస్తాయి. రెండో వాక్యం మీద కాస్త బేరం జరుగుతుంది. రోజులు పెంచుకోనివ్వండి, వాక్యం మాత్రం పోనివ్వకండి.

పరిధి దగ్గర చాలామంది దేశాల పేర్లు మాత్రమే చూస్తారు. నిజానికి హక్కును మూడు వైపుల నుంచి కొలవాలి: ఏ భాషలో, ఏ రూపంలో, ఏ ప్రాంతంలో. మీది తెలుగు నవల. తెలుగు అచ్చుపుస్తకానికి, తెలుగు ఈబుక్‌కు ప్రపంచమంతా ఇచ్చినా మీకు నష్టం లేదు. ఈబుక్ ఎక్కడున్న పాఠకుడికైనా చేరాలి, అచ్చుపుస్తకం విదేశాలకు పంపితే అడ్డు ఉండకూడదు. ఒక్క దేశానికే పరిమితం చేస్తే బయటి తెలుగు పాఠకుడికి అమ్మేవాళ్లే ఉండరు. కాబట్టి ‘ప్రపంచమంతటా’ అన్న మాటకు భయపడక్కర్లేదు. జాగ్రత్తపడాల్సింది దాని పక్కనున్న ‘సర్వహక్కులూ, అన్ని మాధ్యమాల్లో’ అన్న మాటకు.

అందులో అనువాదం ఉంది, ఆడియో ఉంది, సినిమా ఉంది, వెబ్ సిరీస్ ఉంది, నాటకం ఉంది. వాటిలో ఏ ఒక్కటీ ఈ సంస్థ స్వయంగా చేసే పని కాదనుకుంటాను. చేయని పనికి హక్కు తీసుకోవడం ఎందుకంటే, రేపు ఎవరైనా సినిమాకు అడిగితే మధ్యలో కూర్చోవడానికి. పైగా మీ కాగితంలో రాయల్టీ అంతా ప్రతుల అమ్మకం మీదే ఉంది. సినిమా హక్కు అమ్మితే వచ్చే డబ్బులో మీ వాటా ఎంతో ఎక్కడా లేదంటే, గొడవ ఇప్పుడే రాసి పెట్టుకున్నట్టు. రాయల్టీ చెప్పాలని చట్టం అడుగుతున్నదీ ఇందుకే.

నేనైతే ఆ క్లాజును పూర్తిగా తీసేసి ఇలా రాస్తాను:

‘ఈ నవలను తెలుగు భాషలో అచ్చుపుస్తకంగా, ఈబుక్‌గా ప్రచురించి, ప్రపంచవ్యాప్తంగా అమ్మే ప్రత్యేక హక్కును రచయిత ప్రచురణకర్తకు ఏడేళ్ల కాలానికి ఇస్తున్నారు. ఇక్కడ పేరుపెట్టి చెప్పని హక్కులన్నీ, అనువాదం, ఆడియో, సినిమా, ధారావాహిక, నాటక హక్కులతో సహా, రచయితవే.’

చివరి వాక్యం చాలా విలువైనది. రేపు కొత్త మాధ్యమం ఏదైనా పుడితే అదీ మీ దగ్గరే ఉంటుంది. 2012 సవరణ కూడా ఈ దిశలోనే ఉంది. బదిలీ నాటికి లేని, లేదా వాణిజ్యపరంగా వాడుకలో లేని మాధ్యమాన్ని ఒప్పందంలో ప్రత్యేకంగా పేర్కొనకపోతే ఆ బదిలీ దానికి వర్తించదు. దీన్ని దాటడానికే కొందరు ‘ఇప్పుడున్న, ఇకపై కనిపెట్టబోయే అన్ని మాధ్యమాలు’ అని రాస్తారు. ఆ మాట చెల్లుతుందా లేదా అని కోర్టులో తేల్చుకునే బదులు కొట్టేయించడం సులువు.

పైన చెప్పినవాటిలో ఏదో ఒకటి, ఉదాహరణకు ఆడియో, వాళ్లు నిజంగా చేస్తామంటే ఇవ్వండి. దానికి విడిగా రాయల్టీ, విడిగా గడువు పెట్టి ఇవ్వండి. ఇంకెవరితోనో చేయిస్తామంటే, వచ్చిన మొత్తంలో మీకెంత, వాళ్లకెంత అన్నది శాతాల్లో రాయించుకోండి.

రాయల్టీ దగ్గర ‘10 శాతం’ అన్న అంకె మీకు ఊరట ఇచ్చి ఉంటుంది. ఆ పది దేని మీద అన్నదే అసలు ప్రశ్న. మీ అంకెలతోనే చూద్దాం. పుస్తకం వెల 300. వెల మీద 10 శాతం అయితే ప్రతికి 30 రూపాయలు. మీ కాగితం ప్రకారం నికర రాబడి మీద. పంపిణీదారుకు 40 శాతం తగ్గింపు ఇచ్చారనుకుందాం, ప్రచురణకర్త చేతికి వచ్చేది 180. అందులో పది శాతం 18 రూపాయలు. ‘నికర’ అన్న మాటకు నిర్వచనం లేకపోతే రవాణా, ప్రచారం, పాడైన ప్రతులు అంటూ ఇంకో 30 తీసేయొచ్చు. అప్పుడు ప్రతికి 15. అదే పది శాతం, సగానికి పడిపోయింది.

అడ్వాన్సుకు దీన్ని కలిపి చూడండి. 40,000 అడ్వాన్సు అంటే ముందుగా ఇచ్చిన రాయల్టీయే. అది తీరేవరకు మీకు కొత్తగా ఒక్క రూపాయి రాదు. ప్రతికి 30 చొప్పున 1,334 ప్రతులు అమ్ముడయ్యేసరికి తీరిపోతుంది. 18 చొప్పున 2,223 ప్రతులు కావాలి. 15 చొప్పున 2,667. మొదటి ముద్రణ వెయ్యి ప్రతులే అయితే, మూడో ముద్రణ మధ్యలో గానీ మీరు రెండో చెక్కు చూడరు. వెల మీద శాతం అడగండి. ఒప్పుకోకపోతే, నికర రాబడి అంటే పంపిణీదారు నుంచి అందిన మొత్తం, అందులోంచి అమ్మకం పన్ను, వాపసు వచ్చిన ప్రతుల విలువ తప్ప మరేదీ తీయకూడదు అని నిర్వచనం రాయించండి. నిర్వచనం ఉన్న నికరం ఫర్వాలేదు, అది లేని పది శాతాన్ని నమ్మలేం. ఈబుక్‌కు అచ్చు ఖర్చు, గోదాం ఖర్చు ఉండవు కాబట్టి దానికి ఇంతకంటే ఎక్కువ శాతం అడగడం న్యాయం. అందిన మొత్తం మీద 25 శాతం అడిగితే ఎవరూ ఆశ్చర్యపోరు.

అడ్వాన్సు వాపసు ఇవ్వనక్కర్లేదని కూడా రాయించండి. పుస్తకం ఆడకపోతే మిగిలిన అడ్వాన్సు వెనక్కి కట్టాలనే క్లాజు కొన్ని కాగితాల్లో ఉంటుంది. హక్కుల వాపసును కూడా దానికే ముడిపెడతారు, బాకీ కట్టాకే హక్కులు ఇస్తామని. అది ఉంటే తప్పకుండా తీయించండి.

లెక్కల స్టేట్‌మెంటు ఆరు నెలలకోసారి రావాలి. అందులో అమ్ముడైన ప్రతులు ఒక్కటే చాలదు. ఎన్ని అచ్చేశారు, ఎన్ని అమ్మారు, ఎన్ని ఉచితంగా ఇచ్చారు, ఎన్ని వాపసు వచ్చాయి, గోదాములో ఎన్ని మిగిలాయి అన్నీ ఉండాలి. అచ్చేసినవాటిలోంచి అమ్మినవీ ఉచితంగా ఇచ్చినవీ తీసేసి, వాపసు వచ్చినవి కలిపితే, గోదాములో మిగిలిన అంకెతో పొసగాలి. పొసగకపోతే ఎక్కడో ప్రతులు లెక్కలోకి రాలేదని మీకే తెలిసిపోతుంది. ఈ పట్టికను అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. పైగా, ఇప్పుడు చెప్పబోయే హక్కుల వాపసు కూడా దీని మీదే నిలబడుతుంది.

‘అవుట్ ఆఫ్ ప్రింట్ అయితే తిరిగొస్తాయి’ అన్న మాట ఒకప్పుడు సరిపోయేది. అచ్చు ప్రతులు అయిపోతే పుస్తకం దొరకదు, అంతే. ఇప్పుడు ఈబుక్ ఒకసారి పెడితే అలా ఉండిపోతుంది, ఖర్చు లేదు. అడిగినప్పుడు ఒక్కో ప్రతి అచ్చేసే పద్ధతీ ఉంది. కాబట్టి మీ పుస్తకం ఎన్నటికీ ‘అవుట్ ఆఫ్ ప్రింట్’ అవదు. నా దగ్గరికి వచ్చిన ఒక రచయిత్రి పరిస్థితి సరిగ్గా ఇదే. అచ్చు పుస్తకం ఏ దుకాణంలోనూ లేదు, పాఠకులు ఆమెకే రాసి అడుగుతున్నారు, ఇంకో ప్రచురణకర్త మళ్లీ వేస్తానని సిద్ధంగా ఉన్నారు. పాతవాళ్లు మాత్రం ఈబుక్ పేజీ చూపించి పుస్తకం అందుబాటులోనే ఉందన్నారు. కాగితం ప్రకారం వాళ్ల మాట తప్పు కాదు.

కాబట్టి హక్కుల వాపసును మాటతో కాకుండా అంకెతో కట్టేయాలి:

‘వరుసగా రెండు అర్ధసంవత్సరాల స్టేట్‌మెంట్లలో కలిపి, అచ్చు, ఈబుక్ రూపాల్లో అమ్ముడైన మొత్తం ప్రతులు 100 కంటే తక్కువైతే, లేదా స్టేట్‌మెంటు గడువు దాటి 90 రోజులైనా అందకపోతే, రచయిత రాతపూర్వకంగా నోటీసు ఇవ్వవచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లోగా ప్రచురణకర్త కనీసం 300 ప్రతుల కొత్త ముద్రణ చేసి అమ్మకానికి పెట్టకపోతే, లేదా రావలసిన స్టేట్‌మెంటు పంపకపోతే, గడువు ముగిసిన మరునాడు హక్కులన్నీ రచయితకు తిరిగి చెందుతాయి.’

వంద అన్నది శాసనం కాదు. మీ ప్రచురణకర్త స్థాయిని బట్టి 50 కావచ్చు, 150 కావచ్చు. కొలత ప్రతుల్లో ఉండటం ముఖ్యం. కొందరు ‘రచయితకు చెల్లించిన రాయల్టీ ఇంతకంటే తగ్గితే’ అని రాస్తారు. అడ్వాన్సు తీరకముందు చెల్లించే రాయల్టీ ఎలాగూ సున్నా కాబట్టి, ఆ కొలత మీద వాదన మొదలవుతుంది. ప్రతుల మీద వాదన ఉండదు. స్టేట్‌మెంటు ఆలస్యాన్ని కూడా కారణంగా ఎందుకు పెట్టానంటే, అమ్మకాల అంకె వాళ్ల దగ్గరే ఉంటుంది. వాళ్లు పంపకపోతే మీరు వందకు తక్కువని చూపించలేరు.

దీనికి ముందు దశ ఒకటి ఉంది, అసలు అచ్చే వేయకపోవడం. చట్టంలోని ఏడాది ఒప్పందం తేదీ నుంచి లెక్క. సవరణలూ ప్రూఫులూ పట్టే కాలం చూస్తే ప్రచురణకర్తకు అది నిజంగానే ఇరుకు. తుది రాతప్రతి అందిన 18 నెలల్లోగా అచ్చేయకపోతే హక్కులు వెనక్కి, తీసుకున్న అడ్వాన్సు మీదే అని రాసుకుంటే ఇద్దరికీ సబబు. ఇంకో సంగతి, చట్టం ప్రకారం వాడని హక్కు విడిగా పోతుంది. అచ్చు వేసి ఆడియో వేయకపోతే ఆడియో హక్కు మాత్రం వెనక్కి వస్తుంది. మీ ఒప్పందంలోనూ ‘వినియోగించని ప్రతి హక్కు’ అన్న మాట ఉండేలా చూడండి. లేకపోతే ఒక్క రూపంలో వేసినందుకు అన్నీ వాళ్ల దగ్గరే ఆగిపోతాయి.

హక్కులు తిరిగొచ్చాక ఏం చేయాలో రాసుకోకపోవడం వల్ల వచ్చే చిక్కులు కూడా తక్కువేం కాదు. గోదాములో 180 ప్రతులు మిగిలాయనుకోండి. వాటిని ఆరు నెలల వరకు రాయల్టీ ఇస్తూ అమ్ముకోనివ్వండి, కానీ ముందు మీకు అచ్చు ఖర్చుకే కొనుక్కునే అవకాశం ఉండాలి. ఈబుక్‌ను 30 రోజుల్లో దుకాణాల నుంచి తీసేయాలి. తుది ప్రూఫుల ఫైలు మీకు ఇవ్వాలి, లేకపోతే కొత్త ప్రచురణకర్త మళ్లీ మొదటి నుంచి టైపు చేయించుకోవాలి. అట్ట బొమ్మ మీది కాదని గుర్తుంచుకోండి. దాని హక్కు చిత్రకారుడిదో, ప్రచురణకర్తదో అయి ఉంటుంది, కొత్త ముద్రణకు కొత్త అట్ట కావాలి. వాళ్లు పెట్టిన ఐఎస్‌బిఎన్ కూడా వాళ్లదే. హక్కులు వాటంతటవే తిరిగొస్తాయని రాసి ఉన్నా, అలా వచ్చాయని ఒక పేజీ ఉత్తరం మీద వాళ్ల సంతకం తీసుకోండి. రేపు కొత్త ప్రచురణకర్త మొదట అడిగే కాగితం అదే.

ఇవన్నీ రాసుకోకుండా కోర్టుకు వెళ్తే? సెక్షన్ 19ఎ ఉంది. హక్కులు తీసుకుని సరిగా వాడకపోతే, అందులో మీ తప్పు లేకపోతే, బదిలీ రద్దు చేయమని అడగొచ్చు. రాయల్టీ బాకీ కూడా అక్కడే తేల్చుకోవచ్చు. 2021లో అప్పిలేట్ బోర్డు రద్దయ్యాక ఈ ఫిర్యాదులు కమర్షియల్ కోర్టుకు వెళ్తున్నాయి. అయితే బదిలీ షరతుల మీద వివాదమైతే, అవి రచయితకు మరీ కఠినంగా ఉన్నాయని మీరు ఒప్పించాలి. బదిలీ జరిగిన ఐదేళ్ల వరకు ఆ కారణంతో రద్దు ఉత్తర్వు ఇవ్వరు. మొదటి నవలకు ఆ ఐదేళ్లే కీలకం. పైన రాసిన వాపసు క్లాజు అదే పనిని ఒక నోటీసుతో 90 రోజుల్లో చేస్తుంది.

ఒక్కటి మాత్రం మీరు రాసిచ్చినా పోదు. సెక్షన్ 57 ప్రకారం, హక్కులు బదిలీ చేశాక కూడా, రచన మీదేనని చెప్పుకునే హక్కు, మీ ప్రతిష్ఠకు భంగం కలిగేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు మీకు ఉంటాయి. హిందీ రచయిత్రి మన్నూ భండారి తన నవల ఆధారంగా తీసిన సినిమా విషయంలో వెళ్లిన కేసులో 1986లో ఢిల్లీ హైకోర్టు ఈ హక్కును గట్టిగానే చెప్పింది. మీ కాగితంలో ‘రచయిత తన నైతిక హక్కులను వదులుకుంటున్నారు’ అని ఉంటే అదీ తీయించండి.

అన్నీ ఒకేసారి అడిగితే ప్రచురణకర్త బెదిరిపోతారేమోనని మీకు అనిపించవచ్చు. అందుకని వరుస చెబుతాను. ‘సర్వహక్కులు’ క్లాజు మార్చడం, కాలాన్ని ఏడు లేదా పదేళ్లకు తగ్గించడం, అంకెలతో వాపసు క్లాజు, ఈ మూడూ లేకుండా సంతకం పెట్టకండి. నికర రాబడి నిర్వచనం నాలుగోది, దాని కోసం గట్టిగా నిలబడండి. వెల మీద శాతమా నికరం మీదా, అడ్వాన్సు 40 వేలా 30 వేలా అన్నవాటి దగ్గర తగ్గొచ్చు. అడ్వాన్సు పదివేలు తగ్గించుకుని వాపసు క్లాజు సంపాదించుకున్నా మీరు లాభపడ్డట్టే. ఫోనులో మాట్లాడినవి లెక్కలోకి రావు కాబట్టి మార్పులన్నీ ఈమెయిల్లో పంపి, సవరించిన పూర్తి కాగితం వచ్చాక మొదటి పేజీ నుంచి మళ్లీ చదవండి. ఒకచోట తీసేసిన వాక్యం ఇంకోచోట, ముఖ్యంగా ‘నిర్వచనాలు’ దగ్గర, మిగిలిపోతూ ఉంటుంది. అది వచ్చాక వాపసు క్లాజు, రాయల్టీ క్లాజు ఇక్కడ పెడితే చూసి చెబుతాను. సంస్థ పేరు, మీ పేరు తీసేసి పెట్టండి.